400 షేర్లు, 4,000 డివిడెండ్, చివరికి మైనస్ 1,704

ప్రశ్న: అన్నా, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, 30 శాతం స్లాబ్‌లో ఉన్నా. ఎక్స్-డేట్ ముందు రోజు కొని, డివిడెండ్ ఖాయం చేసుకుని, మర్నాడు అమ్మేస్తే నెలకి రెండు శాతం ఈజీ అని ఒక వీడియోలో చూశా. పోయిన నెల ట్రై చేశా. 500 రూపాయల షేరు 400 కొన్నా, షేరుకి 10 రూపాయల డివిడెండ్. మర్నాడు పొద్దున్నే చూస్తే 490 ఉంది, అక్కడే అమ్మేశా. కంపెనీ మీద బ్యాడ్ న్యూస్ ఏం లేదు, మరి ఆ పది రూపాయలు ఎవరు కోశారు? సరే, వచ్చిందీ పోయిందీ సమానమే కాబట్టి నష్టమైతే లేదు. ఈ ఏడాది వేరే షేర్లేం అమ్మలేదు. పెద్ద అమౌంట్‌తో చేస్తే వర్కవుట్ అవుతుందా? అమ్మ పేరు మీద చేస్తే ట్యాక్స్ కలిసొస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు, అమ్మకి పెన్షన్ తప్ప ఇంకేం ఆదాయం లేదు.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ "నష్టమైతే లేదు" అన్న మాట దగ్గర ఆగుదాం, ఎందుకంటే నీకు నష్టం వచ్చింది, 1,704 రూపాయలు వచ్చింది, అది నీ యాప్‌లో ఎక్కడా ఒకే చోట కనపడదు కాబట్టి నీకు తెలీలేదు అంతే. లెక్క కిందకి వస్తా. ముందు ఆ పది రూపాయలు ఎవరు కోశారో చూద్దాం.

ఎవరూ కోయలేదు. మామిడి తోట కాపు మీద ఉండగా అమ్మితే ఒక రేటు, కాయ కోసుకున్నాక అమ్మితే ఇంకో రేటు, అవునా? కోత అయిన మర్నాడు వచ్చిన బేరగాడు "చెట్లు అవే, నేల అదే, నిన్నటి రేటే ఇస్తా" అనడు కదా. ఇక్కడా అంతే. బుధవారం సాయంత్రం దాకా ఆ షేర్ కొన్నవాడికి కంపెనీతో పాటు పది రూపాయల నోటు కూడా వస్తుంది. గురువారం ఎక్స్-డేట్ అనుకో, ఆ పొద్దున కొన్నవాడికి ఆ నోటు రాదు, అది బుధవారం కొన్నోడిది. కంపెనీ ఖాతాలోంచి అంత డబ్బు బయటికి పోబోతోంది, ఆ డబ్బు మీద కొత్తోడికి హక్కు లేదు, మరి వాడు 500 ఎందుకిస్తాడు? తొమ్మిదింటికి ప్రీ-ఓపెన్‌లో ఆర్డర్లు పెట్టేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి కొనేవాళ్ళు తగ్గించి బిడ్ పెడతారు, అమ్మేవాళ్ళు కూడా డివిడెండ్ ఎలాగూ మనదే అని తగ్గించి ఇచ్చేస్తారు, అందుకే మార్కెట్ తెరిచేసరికే రేటు కింద ఉంటుంది. బ్యాడ్ న్యూస్ అక్కర్లేదు దానికి.

ఎక్స్-డేట్, రికార్డ్ డేట్ అని రెండు పదాలు చూసి చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. డివిడెండ్ ఎవరికివ్వాలో తేల్చడానికి కంపెనీ లిస్టు చూసే రోజు రికార్డ్ డేట్. మన దగ్గర 2023 జనవరి చివరి నుంచి అన్ని షేర్లకీ టీ ప్లస్ 1 సెటిల్‌మెంట్, అంటే ట్రేడ్ చేసిన మర్నాటి పనిరోజుకే షేర్లూ డబ్బూ చేతులు మారడం, వచ్చాక మామూలుగా ఆ రెండూ ఒకే రోజు పడుతున్నాయి. నువ్వు బుధవారం కొన్నవి గురువారం డీమ్యాట్‌లో పడతాయి, గురువారం రాత్రి లిస్టులో నీ పేరు ఉంటుంది. గురువారం పొద్దున్నే అమ్మేసినా ఆ అమ్మకం సెటిల్ అయ్యేది శుక్రవారం కాబట్టి డివిడెండ్ నీకే. నువ్వు చేసింది ఆ మేరకి కరెక్టే. ఒకే ఒక్క చిక్కు, నీకు అమ్మినోడు షేర్లు డెలివరీ ఇవ్వకపోతే నీ డీమ్యాట్‌లో టైమ్‌కి పడవు, నువ్వేమో అప్పటికే వేరేవాడికి అమ్మేసి ఉంటావు, అది ఆక్షన్‌కి పోతుంది, అంటే ఎక్స్చేంజ్ వేరేచోట కొని ఇచ్చి ఆ ఖర్చు నీ మీద వేస్తుంది. పెద్ద కంపెనీల షేర్లలో ఇది అరుదు, చిన్న షేర్లలో జరుగుతుంది.

ఇప్పుడు నీ లెక్క. 400 షేర్లు, 500 చొప్పున 2 లక్షలు పెట్టావు. 490కి అమ్మితే 1,96,000 వచ్చింది. డివిడెండ్ 4,000. కాగితం మీద బరాబర్.

కానీ ఆ రెండు నాలుగు వేలూ ట్యాక్స్ వాళ్ళ కళ్ళకి ఒక జాతివి కావు. డివిడెండ్ అనేది 2020 ఏప్రిల్ నుంచి నీ జీతంతో పాటే కలిసిపోయే ఆదాయం, నీ స్లాబ్ 30, పైన సెస్ 4 శాతం, కలిపి 31.2 శాతం. అంటే 4,000 మీద 1,248 ట్యాక్స్. నష్టపోయిన 4,000 మాత్రం షార్ట్ టర్మ్ క్యాపిటల్ లాస్, దాన్ని డివిడెండ్‌లోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు, వేరే క్యాపిటల్ గెయిన్స్‌లోంచి మాత్రమే తీసెయ్యాలి. నువ్వేమో ఈ ఏడాది వేరేవేం అమ్మలేదన్నావు. అంటే ఆ లాస్ ఈ ఏడాది నీకు పైసా ట్యాక్స్ కూడా మిగల్చదు. ఒకచోట 4,000 ఆదాయం అని ట్యాక్స్ కట్టించుకుంటున్నారు, ఇంకోచోట 4,000 పోతే "పక్కన పెట్టుకో, చూద్దాం" అంటున్నారు.

ఖర్చులు వేరే. డెలివరీలో ఎస్‌టీటీ, అంటే షేర్ల కొనుగోలు అమ్మకాల మీద పడే ట్యాక్స్, కొనేటప్పుడు 0.1 శాతం, అమ్మేటప్పుడు 0.1 శాతం, నీకు 200 ప్లస్ 196, అంటే 396. కొనుగోలు మీద స్టాంప్ డ్యూటీ 0.015 శాతం, అది 30. ఎక్స్చేంజ్ చార్జీలు, సెబీ ఫీజు, వాటి మీద జీఎస్టీ అన్నీ కలిపి ఓ 14 రూపాయలు. అమ్మినప్పుడు డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు పడే డీపీ చార్జీ ఓ 16 అనుకుందాం, బ్రోకర్ని బట్టి మారుతుంది. మొత్తం 456. ఇది బ్రోకరేజ్ సున్నా అనుకుని వేసిన లెక్క, నీ బ్రోకర్ డెలివరీకి పర్సంటేజ్ తీసుకునేవాడైతే ఇది డబల్ అయినా ఆశ్చర్యం లేదు. 1,248 ప్లస్ 456, అదీ 1,704.

ఎస్‌టీటీని క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో ఖర్చుగా కూడా చూపించనివ్వరు, అది నా పాత కడుపుమంట, వదిలెయ్.

సరే, ఇదే ట్రేడ్ నీకు వేరే షేర్లలో షార్ట్ టర్మ్ లాభం ఉన్న ఏడాది చేశావనుకో. 2024 జూలై 23 నుంచి షార్ట్ టర్మ్ లాభం మీద 20 శాతం, సెస్‌తో 20.8. అప్పుడు నీ 4,000 లాస్ వల్ల 832 ట్యాక్స్ మిగులుతుంది. 1,248 కట్టి 832 మిగుల్చుకున్నావు, తేడా 416, దానికి ఖర్చు 456 కలిపితే 872 నష్టం. తగ్గింది కానీ పోలేదు. రేటు అచ్చంగా డివిడెండ్ అంతే పడితే 30 స్లాబ్ వాడికి ఏ దారిలో చూసినా నష్టమే, ఎందుకంటే వచ్చేదాని మీద 31.2, పోయేదాని మీద తిరిగొచ్చేది 20.8.

అందుకే అడగాల్సిన ప్రశ్న "రేటు పడుతుందా" అని కాదు, "డివిడెండ్‌లో ఎంత భాగం పడుతుంది" అని. రూపాయి డివిడెండ్‌కి రూపాయీ పడకుండా 70 పైసలే పడితే నీకేమన్నా మిగలొచ్చు. దీని మీద ఎల్టన్, గ్రూబర్ అని ఇద్దరు ప్రొఫెసర్లు 1970లో ఒక పేపర్ రాశారు, ఇప్పటికీ ఈ టాపిక్ ఎత్తితే అక్కడి నుంచే మొదలుపెడతారు. న్యూయార్క్ ఎక్స్చేంజ్‌లో 1966-67 డేటా తీసి చూస్తే ఎక్స్-డేట్ నాడు రేటు సగటున డివిడెండ్‌లో 78 శాతం దాకానే పడింది. కారణం ట్యాక్స్ అన్నారు వాళ్ళు. అప్పట్లో అమెరికాలో డివిడెండ్ మీద ట్యాక్స్ ఎక్కువ, క్యాపిటల్ గెయిన్స్ మీద తక్కువ, కాబట్టి డివిడెండ్ రూపాయి చేతికి రూపాయిగా రాదు, దాన్ని వదులుకోవడానికి మార్కెట్ పూర్తి రూపాయి తగ్గించదు. లెక్క సింపుల్, డివిడెండ్ ట్యాక్స్ పోగా మిగిలేదాన్ని క్యాపిటల్ గెయిన్ ట్యాక్స్ పోగా మిగిలేదానితో భాగించు. నీ అంకెలు వేస్తే:

(1 − 0.312) ÷ (1 − 0.208) = 0.87

అంటే, వేరే లాభాలున్న 30 స్లాబ్ వాడికి రూపాయికి 87 పైసల కన్నా తక్కువ పడితేనే, అదీ ఖర్చులు లేకపోతేనే, గిట్టుబాటు. మరి 78 పైసలే పడేచోట రోజూ కొనుక్కోవచ్చు కదా అంటావు. ఆ ఆలోచన ట్యాక్స్ తక్కువున్నవాళ్ళకి, ఖర్చు దాదాపు లేనివాళ్ళకి నీకన్నా ముందే వస్తుంది. వాళ్ళు ముందు రోజు కొని మర్నాడు అమ్ముతారు, కొనడం వల్ల ముందు రోజు రేటు కొంచెం లేస్తుంది, అమ్మడం వల్ల మర్నాటి రేటు ఇంకొంచెం పడుతుంది, ఆ ఖాళీ వాళ్ళ ఖర్చు దగ్గరికి వచ్చేదాకా పూడిపోతుంది. వాళ్ళ ఖర్చు నీ ఖర్చు కన్నా తక్కువ కాబట్టి వాళ్ళు ఆగే చోటికి నీకు ఎప్పుడో నష్టం మొదలైపోయి ఉంటుంది. దీన్ని 1982లో కలాయ్ అనే ఆయన ఎల్టన్ వాళ్ళకి జవాబుగా రాశాడు.

ఇంకో తమాషా కేసు హాంకాంగ్. అక్కడ డివిడెండ్ మీదా ట్యాక్స్ లేదు, క్యాపిటల్ గెయిన్స్ మీదా లేదు, మరి రేటు పూర్తిగా పడాలిగా? 1998లో ఫ్రాంక్, జగన్నాథన్ చూస్తే సగటు డివిడెండ్ 12 సెంట్లు, సగటున పడింది 6 సెంట్లు. సగమే! చూడగానే ఉచితంగా డబ్బు దొరికినట్టుంది. కానీ వాళ్ళు తేల్చింది ఏంటంటే, డివిడెండ్ కాగితాలూ వసూళ్ళూ మామూలు జనానికి తలనొప్పి కాబట్టి ఎక్స్-డేట్ ముందు అమ్మేవాళ్ళు ఎక్కువ, ట్రేడ్‌లు బిడ్ రేటు, అంటే కొనేవాడు ఇస్తానన్న రేటు దగ్గర పడుతుంటాయి, ఎక్స్-డేట్ నాడు కొనేవాళ్ళు ఎక్కువ, ట్రేడ్‌లు ఆస్క్, అంటే అమ్మేవాడు అడిగే రేటు దగ్గర పడుతుంటాయి. అంటే తెర మీద కనపడే సగం తేడాలో చాలా భాగం బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య ఉన్న సందే. నువ్వు మార్కెట్ ఆర్డర్‌తో కొంటే ఆస్క్‌లో కొంటావు, అమ్మితే బిడ్‌లో అమ్ముతావు, ఆ సందు మొత్తం నువ్వే కట్టాలి. చార్టులో క్లోజింగ్ రేట్లు చూసి "ఇదిగో ఎనిమిదే పడింది, రెండు మిగిలింది" అనేవాళ్ళు చేసే తప్పు సరిగ్గా ఇదే.

నీ ట్రేడ్‌కి బ్రేక్ ఈవెన్ ఎక్కడో కూడా చెప్పేస్తా, అది తెలిస్తే వీడియోలు నువ్వే కొలవొచ్చు. 4,000లో ట్యాక్స్ పోగా 2,752, ఖర్చు పోగా 2,296. వేరే లాభాలు లేని నీకు 400 షేర్ల మీద పోయేది 2,296 దాటకూడదు, అంటే షేరుకి 5.74. పది రూపాయల డివిడెండ్‌కి షేర్ ఆరు రూపాయలు కూడా పడకూడదన్నమాట. వేరే షార్ట్ టర్మ్ లాభాలుంటే 7.25 దాకా తట్టుకోవచ్చు. ఇది కూడా 2 శాతం డివిడెండ్ కాబట్టి ఇలా ఉంది. మన పెద్ద కంపెనీలు మూడు నెలలకోసారి ఇచ్చేది చాలాసార్లు అర శాతం ఉంటుంది, అప్పుడు డివిడెండ్ వెయ్యి, ఖర్చు మాత్రం అదే 456, ఇంక ట్యాక్స్ పోతే మిగిలేది 232. ఆ ట్రేడ్‌లో రేటు 58 పైసల కన్నా ఎక్కువ పడకూడదు. 500 రూపాయల షేర్ 58 పైసలు కదలడానికి కారణం కూడా అక్కర్లేదు.

పెద్ద అమౌంట్ అన్నావు కదా, దాని వల్ల తగ్గేది ఆ 16 రూపాయల డీపీ చార్జీ ఒక్కటే, మిగతావన్నీ పర్సంటేజీలే, అవీ పెరుగుతాయి. పైగా ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తారు, నీ 4,000కి అది తగల్లేదు, పెంచితే తగులుతుంది. అది అదనపు ట్యాక్స్ కాదులే, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సాదాసీదా షేర్ ఒక రోజులో ఒకటిన్నర శాతం అటో ఇటో కదలడం మామూలు విషయం, నీ 2 లక్షల మీద అది 3,000. నువ్వు వేటాడే మార్జిన్ వందల్లో ఉంటుంది, గాలి వేలల్లో వీస్తుంది. నీ షేర్ 490కి పడిందన్నావు, ఆ రోజు నిఫ్టీ ఎంత? ఒకవేళ నిఫ్టీ ఆ రోజు అర శాతం పైన ఉండి, నీ షేర్ నిఫ్టీతో పాటు నడిచేదైతే, డివిడెండ్ లేకుంటే 502.50 ఉండాల్సింది, అంటే నిజానికి పడింది 10 కాదు 12.50. అదే నిఫ్టీ అర శాతం కింద ఉంటే నిజంగా పడింది 7.50. ఒక్క ట్రేడ్ చూసి ఏదీ చెప్పలేం. వీడియోలో చూపించినోడికి 500 షేర్ 497కి మాత్రమే పడి ఉంటుంది, ఆ రోజు మార్కెట్ ఎత్తులో ఉండి ఉంటుంది, పడిపోయిన రోజు స్క్రీన్‌షాట్ ఎవడు పెడతాడు?

"వెంటనే అమ్మొద్దు, రేటు మళ్ళీ 500 వచ్చేదాకా ఆగు" అని ఇంకో రకం సలహా ఉంటుంది, నెక్స్ట్ నీకు అదే తగులుతుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఆగితే అది డివిడెండ్ క్యాప్చర్ కాదు, మామూలుగా షేర్ పట్టుకుని కూర్చోవడమే, ఆ షేర్ రిస్క్ మొత్తం నీదే. వేదాంత గుర్తుందా? 2022-23లో ఆ కంపెనీ ఐదు ఇంటరిమ్ డివిడెండ్లు ప్రకటించింది, 31.50, 19.50, 17.50, 12.50, 20.50, మొత్తం షేరుకి 101.50. ఆ ఏడాది డివిడెండ్ పిచ్చోళ్ళందరికీ పండగే. 2022 ఏప్రిల్‌లో 400 పైన ఉన్న షేర్ 2023 మార్చి చివరికి 300 కిందకి వచ్చింది. అంతా డివిడెండ్ వల్లే పడిందని కాదు, మెటల్ రేట్లు కూడా పడ్డాయి, గ్రూప్ అప్పుల భయం కూడా ఉంది. కానీ నీ స్లాబ్ వాడికి 101.50లో ట్యాక్స్ పోతే చేతికి 70 రూపాయలు, షేర్‌లో పోయింది వంద పైన. ఏడాదిలో 25 శాతం డివిడెండ్ అని అందరూ గంతులేసిన షేర్‌లోనే ఇది జరిగింది.

ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే కాంట్రాక్టులు, అమ్మి ఆ గాలి రిస్క్ తీసేస్తే? తీసెయ్యొచ్చు, కానీ అక్కడ డివిడెండ్ ముందే లెక్కలో ఉంటుంది. చిన్న డివిడెండ్ అయితే ఫ్యూచర్ రేటే ఆ మేరకి తక్కువ పలుకుతుంటుంది. షేర్ రేటులో 2 శాతం, ఆ పైన ఉన్న డివిడెండ్ అయితే ఎక్స్చేంజే ఫ్యూచర్ రేటునీ ఆప్షన్ స్ట్రైక్‌లనీ డివిడెండ్ అంత కిందకి సర్దుతుంది. అందుకే ఎక్స్-డేట్ ముందు పుట్, అంటే స్ట్రైక్ అనే ముందే ఖాయమైన రేటుకి అమ్ముకునే హక్కు, కొని పెట్టుకుంటే ఖాయం అనుకున్నవాళ్ళు మర్నాడు స్ట్రైక్ 500 కాస్తా 490 అయిపోవడం చూసి బ్రోకర్ మీద అరుస్తుంటారు.

ఇంతకీ ఈ పని ఒకప్పుడు మన దేశంలో నిజంగా పనిచేసేది, అది రేటు తేడా వల్ల కాదు, ట్యాక్స్ వల్ల. డివిడెండ్ మనిషి చేతిలో ట్యాక్స్ ఫ్రీగా ఉన్న రోజుల్లో, ముందు రోజు కొని, ఫ్రీ డివిడెండ్ తీసుకుని, మర్నాడు నష్టానికి అమ్మి, ఆ నష్టాన్ని వేరే లాభాల్లో సర్దేసేవాళ్ళు. దీన్ని డివిడెండ్ స్ట్రిప్పింగ్ అనేవాళ్ళు. గవర్నమెంట్ చూసి చూసి పాత ఆదాయపన్ను చట్టంలో 94(7) అని పెట్టింది, రికార్డ్ డేట్‌కి మూడు నెలల్లోపు కొని ఆ తర్వాత మూడు నెలల్లోపు అమ్మితే, వచ్చిన ట్యాక్స్ ఫ్రీ డివిడెండ్ మేరకు ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరని. ఆ రూల్ రాకముందు చేసినవాళ్ళది తప్పు కాదని 2010లో వాల్‌ఫోర్ట్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పుడు డివిడెండ్‌కి ట్యాక్స్ పడుతోంది కాబట్టి ఆ రూల్ నీ ట్రేడ్‌కి అడ్డురాదు, నీ లాస్ లాస్‌గానే నిలుస్తుంది. కాకపోతే ఆ ట్రిక్‌లో తీపంతా ఫ్రీ డివిడెండ్‌లో ఉండేది, అది పోయింది.

అందుకే మీ ఫ్రెండ్ చెప్పిన అమ్మ పాయింట్‌ని నేను తీసిపారెయ్యను, ఈ మొత్తం కథలో కొంచెం ప్రాణం ఉన్నది అదొక్కటే. అమ్మ కొత్త రెజీమ్‌లో ఉండి, పెన్షన్, డివిడెండ్ అన్నీ కలిపి 12 లక్షల లోపు ఉంటే రిబేట్ వల్ల డివిడెండ్ మీద ట్యాక్స్ సున్నా. నువ్వు అమ్మకి డబ్బు గిఫ్ట్ ఇస్తే దానికీ ట్యాక్స్ లేదు, ఆ డబ్బు మీద వచ్చే ఆదాయం నీ ఆదాయంలో కలపరు కూడా. ఇదే పని మీ ఆవిడ పేరు మీద చేస్తే మాత్రం కలిపేస్తారు, ఆ తేడా చాలామందికి తెలీదు. ఒకటే మాట, డబ్బు నిజంగా అమ్మది అయిపోతుంది, డీమ్యాట్ అమ్మది, బ్యాంక్ అకౌంట్ అమ్మది, మర్నాడు మళ్ళీ నీ అకౌంట్‌లోకి లాక్కుంటే అది గిఫ్ట్ అనిపించుకోదు.

అదే ట్రేడ్ అమ్మ పేరు మీద వేసి చూడు. డివిడెండ్ 4,000 మొత్తం చేతికి, షేర్‌లో పోయింది 4,000, ఖర్చు 456. ఫలితం మైనస్ 456. ట్యాక్స్ పోయింది కానీ ఎస్‌టీటీ పోలేదు. రేటు 8.86 కన్నా తక్కువ పడితేనే లాభం. అమ్మకి వేరే షేర్లలో షార్ట్ టర్మ్ లాభం ఉంటేనే కథ తిరగబడుతుంది, ఎందుకంటే కొత్త రెజీమ్ రిబేట్ ఆ లాభాలకి వర్తించదు, స్టాండర్డ్ డిడక్షన్ పోగా పెన్షన్ నాలుగు లక్షలు దాటి ఉంటే వాటి మీద 20.8 కట్టాల్సిందే. ఈ 4,000 లాస్ అందులోంచి తీసేస్తే 832 మిగులుతుంది. 832లోంచి ఖర్చు 456 పోతే 376 లాభం, రేటు అచ్చంగా పది రూపాయలు పడినా సరే. అప్పుడు షేర్ 11.19 పడేదాకా గిట్టుతుంది.

ఇదీ మిగిలిన ఎడ్జ్. 2 లక్షల మీద 376 రూపాయలు, 0.19 శాతం, అదీ 2 శాతం డివిడెండ్ ఇచ్చే షేర్‌లో, అదీ అమ్మకి తీసెయ్యడానికి వేరే లాభం ఉన్నంతవరకే. ఒక్కో ట్రేడ్‌లో గాలి 3,000 వీస్తుంటే ఈ 376 నిజంగా ఉందో, అదృష్టమో తేల్చుకోవడానికి 250కి పైగా ట్రేడ్లు కావాలి. మన దగ్గర ఫైనల్ డివిడెండ్లు ఎక్కువగా మే నుంచి సెప్టెంబర్ మధ్యే వస్తాయి, 2 శాతం ఇచ్చేవి లిక్విడ్‌గా ఉండేవి వెతికితే ఏడాదికి ఎన్ని దొరుకుతాయో నువ్వే లెక్కేసుకో. పెన్షన్ డబ్బుతో ఈ పని మా ఇంట్లోనైతే నేను చెయ్యను. అమ్మ ఎలాగూ ఏదో ఒక షేర్ కొనాలనుకుంటోంది, ఎక్స్-డేట్ వారంలో ఉంది, అప్పుడు ముందు రోజు కొనడమా మర్నాడు కొనడమా అన్నదానికి మాత్రం ఈ లెక్క పనికొస్తుంది. అమ్మైతే ముందు రోజు, నువ్వైతే మర్నాడు.

ఇంకో దారి కూడా ఉంది, మొత్తాన్ని బిజినెస్‌గా చూపించేవాళ్ళది. డెలివరీ ట్రేడింగ్‌ని వ్యాపారంగా రిటర్న్ వేస్తే ఆ నష్టాన్ని అదే ఏడాది డివిడెండ్ ఆదాయంలోంచి తీసెయ్యొచ్చు, ఎస్‌టీటీ కూడా ఖర్చులో వస్తుంది. కానీ అప్పుడు ఐటీఆర్-3 వెయ్యాలి, లెక్కల పుస్తకాలు పెట్టాలి, లాభం వచ్చిన ట్రేడ్‌ల మీద 20 బదులు నీ స్లాబ్ 30 పడుతుంది, ఒక ఏడాది ఇలా ఒక ఏడాది అలా మారిస్తే ఆఫీసర్ ప్రశ్నిస్తాడు. జీతగాడికి ఈ నాలుగు వేల కోసం అది అనవసరం, సీఏ ఫీజే అంతకన్నా ఎక్కువ అడుగుతాడు.

చివరిగా, జరిగిన ట్రేడ్ సంగతి. ఆ 4,000 లాస్‌ని పారేసుకోకు. షేర్లు అమ్మినప్పుడు ఐటీఆర్-1 అని అలవాటుగా వేసెయ్యకుండా ఐటీఆర్-2 తీసుకో, క్యాపిటల్ గెయిన్స్ షెడ్యూల్‌లో ఈ అమ్మకం రాయి, గడువు లోపు, మామూలుగా జూలై 31, రిటర్న్ వేసెయ్. లేటైతే లాస్‌ని ముందుకు తీసుకెళ్ళనివ్వరు. టైమ్‌కి వేస్తే ఎనిమిదేళ్ళ దాకా ఉంటుంది, మధ్యలో ఏదైనా షేర్ షార్ట్ టర్మ్ లాభానికి అమ్మినప్పుడు నీకు 832 తిరిగొస్తుంది, అప్పుడు ఈ ట్రేడ్ నష్టం 872కి దిగుతుంది. డివిడెండ్ 4,000 కూడా మర్చిపోకుండా చూపించు, డబ్బు కొన్ని వారాలు లేటుగా బ్యాంక్‌లో పడొచ్చు కానీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గరుండే నీ ఆదాయ చిట్టా ఏఐఎస్‌లో మాత్రం పడి తీరుతుంది.